డేటా లీక్‌పై టేబుల్‌టాప్ ఎక్సర్‌సైజ్: హైదరాబాద్ సంస్థలు తరచుగా అడిగే ప్రశ్నలు

హైదరాబాద్‌లో చిన్న, మధ్యస్థాయి సంస్థలకు నేను ఈ ఎక్సర్‌సైజ్‌లు నడిపిస్తుంటాను. ప్రతిచోటా దాదాపు ఇవే ప్రశ్నలు అడుగుతారు. జవాబులన్నిటికీ ఒకే ఉదాహరణ తీసుకున్నాను. అది నగరంలో 11 కలెక్షన్ సెంటర్లున్న ఒక డయాగ్నొస్టిక్ ల్యాబ్. పేరు రాయడం లేదు.

టేబుల్‌టాప్ అంటే ఏమిటి? మా సిస్టమ్స్‌ను నిజంగా హ్యాక్ చేస్తారా?

చేయరు. ఏ సర్వర్‌నూ ముట్టుకోరు. డేటా లీకైతే నిర్ణయాలు తీసుకోవాల్సిన వాళ్లంతా ఒక గదిలో కూర్చుంటారు. నడిపించేవాడు ఒక కథను ముక్కలు ముక్కలుగా వాళ్ల ముందు పెడతాడు. ప్రతి ముక్కకూ వాళ్లు “ఇప్పుడు మేం ఇది చేస్తాం, ఫలానా వాళ్లు చేస్తారు” అని చెప్పాలి. మూడు గంటలు చాలు. పని ఎక్కడ ఆగిపోతోంది, ఎవరి మాట కోసం ఎదురుచూస్తున్నారు, ఏది తెలుసనుకుని తెలియకుండా ఉన్నారు అన్నవి అందులోనే బయటపడతాయి.

ఎవరెవరు కూర్చోవాలి?

కథలో ఎవరి ఫోన్ మోగుతుందో వాళ్లందరూ. ల్యాబ్‌లో తొమ్మిది మంది కూర్చున్నారు. యజమాని అయిన డాక్టరుగారు, ఐటీ హెడ్, సర్వర్లు చూసే అడ్మిన్, రిపోర్టుల ప్రోగ్రామ్ రాసిన డెవలపర్, కస్టమర్ కేర్ సూపర్‌వైజర్, దిల్‌సుఖ్‌నగర్ సెంటర్ ఫ్రంట్ డెస్క్ నుంచి ఒకరు, అకౌంట్స్, హెచ్ఆర్, లీగల్ పనులు చూసే ఆఫీసర్. ఫ్రంట్ డెస్క్‌ను పిలవమంటే చాలామంది “వాళ్లెందుకు సర్?” అంటారు. పేషెంట్ ముందుగా నిలదీసేది వాళ్లనే, అందుకే పిలవమంటాను.

వీళ్లతో పాటు ఆటలో లేని ఇద్దరు కావాలి. ఒకరు కథ నడిపిస్తారు, ఇంకొకరు మాట్లాడకుండా రాసుకుంటారు. ఈ రెండు పనులూ ఒక్కరే చేస్తే స్కోరు పాడవుతుంది. మాట్లాడించే హడావుడిలో ఎవరు ఏ నిమిషంలో ఏమన్నారో గుర్తుండదు.

కథ ఎలా ఎంచుకోవాలి? రాన్సమ్‌వేర్ పెడితే బాగుంటుందా?

పెట్టొచ్చు. కానీ రాన్సమ్‌వేర్‌లో స్క్రీన్లు ఆగిపోతాయి కాబట్టి ఏదో జరిగిందన్న సంగతి అందరికీ వెంటనే అర్థమైపోతుంది. డేటా లీక్‌లో కష్టం వేరు. అన్నీ మామూలుగానే పనిచేస్తుంటాయి. జరిగిందో లేదో, ఎంత పోయిందో తెలియకుండానే నిర్ణయాలు తీసుకోవాలి. అందుకే మొదటి ఎక్సర్‌సైజ్‌కు నేను లీక్‌నే ఎంచుకుంటాను.

కథ మీ సొంత సిస్టమ్స్‌లోంచే రావాలి. వారం ముందు సంస్థలో ఒక్కరిని, ఐటీ హెడ్ కాని వాళ్లని, నమ్మకంగా పక్కకు పిలిచి అడగండి: పేషెంట్ల రిపోర్టులు ఎక్కడ ఉంటాయి, వాటిని ఏ ప్రోగ్రామ్ ఏ కీతో చదువుతుంది, ఎవరు చదివారన్న లాగ్ ఉందా? ల్యాబ్‌లో రిపోర్టుల పీడీఎఫ్‌లన్నీ అమెజాన్ క్లౌడ్ సర్వీసు ఏడబ్ల్యూఎస్‌లో ఫైళ్లు దాచే ఎస్3 బకెట్‌లో ఉన్నాయి. బేగంపేట ఆఫీసులోని సర్వర్ ఒక యాక్సెస్ కీతో వాటిని తీసి పేషెంట్లకు ఎస్సెమ్మెస్ లింకు పంపుతుంది. కథ అక్కడే దొరికింది. డెవలపర్ ఎప్పుడో ఆ కీని కోడ్‌లో వదిలేసి, ఆ కోడ్‌ను అందరికీ కనిపించే రిపాజిటరీలో పెట్టాడని అనుకున్నాం. ఇలాంటి పొరపాటు ఏ ఆఫీసులోనైనా జరగొచ్చు కాబట్టి గదిలో ఎవరూ “మా దగ్గర ఇలా కాదు” అనలేదు.

ఇంజెక్ట్ అంటే ఏమిటి? మంచి ఇంజెక్ట్ ఎలా గుర్తుపట్టాలి?

కథలో కొత్తగా వచ్చి పడే కబురే ఇంజెక్ట్. ఒక మెయిల్ ప్రింటు, ఒక ఫోన్ కాల్, ఒక వాట్సాప్ స్క్రీన్‌షాట్, ఏదైనా కావచ్చు. దాన్ని చదివాక ఎవరో ఒకరు నిర్ణయం తీసుకోక తప్పదంటే అది మంచి ఇంజెక్ట్. “హ్యాకర్లు డేటా దొంగిలించారు” అన్నది ఇంజెక్ట్ కాదు, అది వార్త. అందరూ తలలూపి ఊరుకుంటారు. “కీ ఆపితే ఈ సాయంత్రం రిపోర్టులు ఆగుతాయి, ఆపకపోతే ఎవరో ఇంకా దించుకుంటూ ఉండొచ్చు, ఏం చేస్తారు?” అన్నది ఇంజెక్ట్.

ఒక్కో ఇంజెక్ట్‌కు ముందే నాలుగు సంగతులు రాసుకోండి. కథలో సమయం, ఎవరి చేతికి ఇస్తారు, ఏ రూపంలో ఇస్తారు, వాళ్లు ఏం చేస్తే సరైనదని మీరు అనుకుంటున్నారు. నాలుగోది ముందే రాయకపోతే స్కోరు వేసేటప్పుడు వాళ్లేం చేసినా సరిగానే కనిపిస్తుంది.

ప్రతి కాగితం మీదా పైనా కిందా “ఎక్సర్‌సైజ్ మాత్రమే, నిజం కాదు” అని పెద్ద అక్షరాలతో ఉండాలి. గదిలో ఎవరో తీసిన ఫొటో ఫ్యామిలీ గ్రూపులోకి వెళ్లి, సాయంత్రానికి “ల్యాబ్ రిపోర్టులు లీక్” అని తిరగడం మొదలైతే నిజమైన సమస్యే అవుతుంది.

ల్యాబ్‌లో ఇచ్చిన ఇంజెక్ట్‌లు ఒకసారి చూపించగలరా?

మొత్తం ఏడు ఇచ్చాం. ముఖ్యమైనవి చెబుతాను. సమయాలన్నీ కథలోనివి.

10:40. కస్టమర్ కేర్ సూపర్‌వైజర్‌కు ఒక మెయిల్ ప్రింటు ఇచ్చాం. తెలియని వ్యక్తి ఇంగ్లిష్‌లో మర్యాదగా రాశాడు. మీ పేషెంట్ల రిపోర్టులు నా దగ్గర ఉన్నాయి, ఐదు జతచేశాను, చూసుకోండి అని. బెదిరింపు లేదు, డబ్బు అడగలేదు. కావాలనే అలా రాశాం. ఇలాంటి మెయిల్‌ను స్పామ్ అనుకుని పక్కన పెట్టడం తేలిక. ఆవిడ పెట్టలేదు, వెంటనే ఐటీకి చెప్పారు. కానీ “దీన్ని నేను చూసుకుంటాను” అని ఎవరూ అనకుండానే నిజం గడియారంలో ఇరవై నిమిషాలు గడిచిపోయాయి.

11:05. డెవలపర్‌కు ఒక స్క్రీన్‌షాట్ ఇచ్చాం. పబ్లిక్ రిపాజిటరీలో, ఆయన రాసిన ఫైల్‌లో, AKIA అని మొదలయ్యే కీ కనిపిస్తోంది. గదిలో నిశ్శబ్దం. అడ్మిన్ మాత్రం తడుముకోలేదు. “ముందు ఉన్నది ఉన్నట్టు సేవ్ చేద్దాం సర్, తరువాత ముట్టుకుందాం” అన్నాడు. రిపాజిటరీ పేజీ, కీ వివరాలు, అప్పటి లాగ్‌లు వేరే చోట దాచాలని క్రమంగా చెప్పాడు. ఆ రోజు పూర్తి మార్కులు వచ్చిన పని అదొక్కటే.

11:30. డాక్టరుగారి చేతికి చీటీ ఇచ్చాం: “మీరు శంషాబాద్‌లో ఢిల్లీ ఫ్లైట్ ఎక్కారు. రెండు గంటలు మీ ఫోన్ అందదు. దయచేసి గది బయట కూర్చోండి.” అప్పటిదాకా ప్రతి ప్రశ్నకూ అందరూ ఆయన ముఖం వైపే చూశారు. ఆయన లేచి వెళ్లగానే తరువాతి ఇంజెక్ట్ వేశాం. ఆ కీని ఆపితే రిపోర్టుల ఎస్సెమ్మెస్‌లు ఆగిపోతాయి. కొత్త కీ పెట్టడానికి నలభై నిమిషాలు పడుతుంది. ఒక ఆసుపత్రి ఐసీయూ పేషెంట్ పొటాషియం రిపోర్టు కోసం ఎదురుచూస్తోంది.

ఐటీ హెడ్ డాక్టరుగారు దిగేదాకా ఆగుదామన్నారు. అకౌంట్స్ ఆయన ఇప్పుడే ఆపేయమన్నారు. ఐసీయూకు ఫోన్‌లో చెప్పొచ్చు కదా అన్న మాట ఫ్రంట్ డెస్క్ అమ్మాయి నోటి నుంచి వచ్చింది. చాలాసేపు నడిచాక, ఏమీ మాట్లాడకుండా కూర్చున్న డెవలపర్‌ను నేనే అడిగాను, “నీకేమనిపిస్తోంది?” అని. “సర్, ఆ కీ మన బేగంపేట సర్వర్ ఐపీ నుంచి మాత్రమే పనిచేసేలా పాలసీ పెడితే ఐదు నిమిషాల్లో అయిపోతుంది. ఎస్సెమ్మెస్‌లు ఆగవు, బయటివాళ్లకు పనిచేయదు. కొత్త కీ తరువాత పెట్టుకోవచ్చు” అన్నాడు. ఎస్3 పాలసీలో ఐపీ షరతు పెట్టొచ్చు, ఆ సర్వర్‌కు స్టాటిక్ ఐపీ ఉంది, కాబట్టి అది నిజంగా పనిచేసే దారే. తప్పు తనదని భయపడి అతను నోరు విప్పలేదు. నిజంగా జరిగిన రోజున అడిగేవాళ్లు ఉండకపోవచ్చు.

1:05. అదే వ్యక్తి నుంచి రెండో మెయిల్: “నా దగ్గర 62,000 రిపోర్టులు ఉన్నాయి.” నిజమా అని అడిగాను. “లాగ్ చూస్తే తెలిసిపోతుంది సర్, క్లౌడ్‌ట్రెయిల్ ఆన్‌లోనే ఉంది” అన్నారు ఐటీ హెడ్. ఏడబ్ల్యూఎస్‌లో ఎవరు ఏం చేశారో రాసుకునే లాగ్ సర్వీసే క్లౌడ్‌ట్రెయిల్. వారం ముందే మా లోపలి మనిషి నడిపిన కమాండ్, దాని జవాబులోని రెండు వరుసలు టేబుల్ మీద పెట్టాను.

```
aws cloudtrail get-event-selectors --trail-name main-trail

"IncludeManagementEvents": true,
"DataResources": []
```

ఆ ఖాళీ బ్రాకెట్ల అర్థం ఇది. ఎవరు లాగిన్ అయ్యారు, ఎవరు సెట్టింగులు మార్చారు అన్నవి రికార్డవుతున్నాయి. బకెట్‌లోంచి ఏ ఫైల్‌ను ఎవరు దించుకున్నారన్నది మాత్రం రికార్డు కావడం లేదు. క్లౌడ్‌ట్రెయిల్‌లో ఫైళ్లు చదివిన రికార్డు మామూలుగా ఉండదు, విడిగా ఆన్ చేసుకోవాలి. బకెట్‌కు వేరే యాక్సెస్ లాగ్ కూడా వీళ్లు పెట్టుకోలేదు. అంటే ఎన్ని పోయాయో ఈ ల్యాబ్ ఎప్పటికీ చెప్పలేదు. “లెక్క తేల్చలేం, కాబట్టి ఆ కీ చదవగలిగినవన్నీ పోయినట్టే లెక్క” అనడమే సరైన జవాబు. గదిలో మాత్రం “మహా అయితే వందో రెండొందలో ఉంటాయి” అన్న మాట వచ్చింది, ఎవరూ కాదనలేదు. అది ఏ ఆధారం మీద వచ్చిందని అడిగితే జవాబు లేదు.

2:20. దిల్‌సుఖ్‌నగర్ సెంటర్‌లో ఒక పెద్దాయన వచ్చారు. ఆ పాత్ర నేనే చేశాను. “ఏమ్మా, మా ఇంట్లో ఆవిడ షుగర్ రిపోర్టు ఎవరి దగ్గరో ఉందట, నిజమేనా?” ఫ్రంట్ డెస్క్ అమ్మాయి క్షణం ఆలోచించకుండా “అదేం లేదు సర్, అంతా ఫేక్” అంది. ఆమె తప్పేం లేదు. పొద్దుటి నుంచి పక్కనే అన్నీ వింటూ కూర్చున్నా, బయటివాళ్లతో ఏం మాట్లాడాలో ఆమెకు ఎవరూ చెప్పలేదు.

సెర్ట్-ఇన్‌కు 6 గంటల్లో చెప్పాలంటారు. ఆ గడియారం ఎప్పటి నుంచి నడుస్తుంది?

సెర్ట్-ఇన్ అంటే సైబర్ సంఘటనలను చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ. 2022 ఏప్రిల్ 28న అది ఇచ్చిన ఆదేశాల ప్రకారం, సంఘటనను మీరు గమనించినప్పటి నుంచి గానీ, మీ దృష్టికి ఎవరైనా తెచ్చినప్పటి నుంచి గానీ 6 గంటలు. ఈ రెండో మాటే కీలకం. ల్యాబ్‌లో డెవలపర్ 11:05 నుంచి లెక్కపెట్టాడు. లీగల్ ఆఫీసర్ “నిర్ధారణ అయ్యాక కదా” అన్నారు. నేను ఆదేశంలోని వాక్యం చదివి వినిపించాక 10:40 నుంచి లెక్కపెట్టారు. ఆ లెక్కన 4:40కల్లా వెళ్లాలి. ఈ విషయంలో జాగ్రత్తగా ఉండే దారి ఒక్కటే, మొదటి కబురు సంస్థలో ఎవరికి చేరినా గడియారం మొదలైనట్టే అనుకోవడం.

పూర్తి వివరాలు లేవని ఆగనక్కర్లేదు. 6 గంటల్లోపు తెలిసినంత పంపి, మిగతాది తరువాత పంపొచ్చు. ఎక్సర్‌సైజ్‌లో నిజంగా పంపించకండి. incident@cert-in.org.in కు వెళ్లాల్సిన మెయిల్‌ను కాగితం మీద రాయించండి, అంతే. పది నిమిషాలిచ్చి రాయమంటే ఎవరి దగ్గర ఏ సమాచారం లేదో తెలిసిపోతుంది. ల్యాబ్ రాసిన చిత్తులో ఏ సిస్టమ్, ఎప్పుడు తెలిసింది, ఇప్పటిదాకా ఏం చేశారు అన్న మూడింటిలో మొదటిది మాత్రమే ఉంది.

ఇవే ఆదేశాల్లో లాగ్‌లు 180 రోజులు ఉంచాలని కూడా ఉంది. క్లౌడ్‌ట్రెయిల్‌లో మామూలుగా కనిపించే ఈవెంట్ హిస్టరీ 90 రోజులదే. దాన్ని నమ్ముకుని కూర్చున్న వాళ్లకు ఈ తేడా కథలో ఎక్కడో ఒకచోట ఎదురయ్యేలా చేయండి.

పేషెంట్లకు ఏం చెప్పాలి, ఎప్పుడు?

వ్యక్తిగత డేటా రక్షణ కోసం డీపీడీపీ చట్టం 2023లో వచ్చింది, దాని నియమాలు 2025 నవంబరులో నోటిఫై అయ్యాయి. లీక్ గురించి తెలియజేయాల్సిన నియమం ఆ నోటిఫికేషన్‌కు 18 నెలల తరువాత అమల్లోకి వస్తుంది. దాని ప్రకారం ప్రభావితులైన ప్రతి ఒక్కరికీ ఆలస్యం లేకుండా చెప్పాలి. ఏం జరిగింది, వాళ్లకు ఏం నష్టం రావొచ్చు, మీరు ఏం చేస్తున్నారు, వాళ్లు ఏ జాగ్రత్త తీసుకోవాలి, ఎవరిని అడగాలి అన్నవి అందులో ఉండాలి. డేటా ప్రొటెక్షన్ బోర్డుకు వెంటనే ఒక కబురు, 72 గంటల్లోపు పూర్తి వివరం వెళ్లాలి.

గడువు రాకముందే దీన్ని సాధన చేయమంటాను, ఎందుకంటే రాయడం కష్టం. ల్యాబ్ మొదటి చిత్తులో “కొన్ని రికార్డులు అనధికారికంగా యాక్సెస్ చేయబడి ఉండవచ్చు” అని ఉంది. ఆ వాక్యాన్ని ఫ్రంట్ డెస్క్ అమ్మాయికి ఇచ్చి, “మీ అమ్మగారికి చెబుతున్నట్టు చెప్పు” అన్నాను. “అమ్మా, నీ రిపోర్టు బయటివాళ్లు చూసి ఉండొచ్చు. ల్యాబ్ నుంచి అని చెప్పి ఎవరైనా డబ్బులడిగితే ఇవ్వకు, మాకు ఫోన్ చెయ్” అంది. దాదాపు అదే తుది చిత్తు అయింది. మోసపోయి డబ్బు పోగొట్టుకుంటే 1930కి ఫోన్ చేయమన్న వాక్యం కూడా చేర్చాం. చార్మినార్ వైపు సెంటర్ల కోసం ఉర్దూలో కూడా కావాలని ఆ అమ్మాయే గుర్తుచేసింది.

“నిజంగా అయితే మేం వేరేలా చేసేవాళ్లం” అని వాదిస్తే?

వాదించొద్దు. “సరే, ఎలా చేసేవారో ఇప్పుడు చూపించండి” అనండి. ఫోన్ నంబరు ఉందంటే డయల్ చేయమనండి. డాక్యుమెంట్ ఉందంటే తెరవమనండి. ల్యాబ్‌లో ఇన్సిడెంట్ ప్లాన్ ఉందన్నారు. షేర్డ్ డ్రైవ్‌లో వెతకడానికి పదకొండు నిమిషాలు పట్టింది. అందులో మొదటి కాంటాక్ట్‌గా ఉన్న వ్యక్తి ఉద్యోగం మానేసి ఏడాది దాటింది.

స్కోరు ఎలా వేయాలి?

చర్చ బాగా జరిగిందా అన్నదానికి మార్కులు వేయొద్దు. కళ్లకు కనిపించే పనికి వేయండి. నేను 0 నుంచి 3 వరకు వాడతాను. ఎవరూ చేయకపోతే 0. నేను గుర్తుచేశాక చేస్తే 1. వాళ్లంతట వాళ్లే చేసినా ఆలస్యమైతే, లేదా ఎక్కడా రాసుకోకపోతే 2. సమయానికి చేసి రాసుకుంటే 3.

ల్యాబ్‌లో ఆరు పనులకు స్కోరు వేశాం. మెయిల్‌ను గుర్తించి ఒకరికి బాధ్యత అప్పగించడం 2. కీ విషయంలో నిర్ణయం 1. ఎంత పోయిందన్న అంచనా 0. సెర్ట్-ఇన్ గడువు, చిత్తు కలిపి 1. ఫ్రంట్ డెస్క్‌కు ఏం మాట్లాడాలో చెప్పడం 1, ఎందుకంటే పెద్దాయన వెళ్లాక నేనడిగితేనే అది మొదలుపెట్టారు. ఆధారాలు దాచడం 3. మొత్తం 18కి 8.

ఆ 8ని గోడకు తగిలించొద్దు. మొత్తం ఒక అంకెగా చూస్తే 3 వెళ్లి 0ని కప్పేస్తుంది. నేను రిపోర్టులో ఆరు అంకెలనూ విడివిడిగానే రాస్తాను, ఒక్కోదాని పక్కన గదిలో విన్న మాట ఒకటి పెడతాను. “మహా అయితే వందో రెండొందలో” అన్న మాట పక్కన 0 చూశాక డాక్టరుగారు ఇంకేమీ అడగలేదు. మాట రాస్తాను గానీ పేరు రాయను. పేరు రాసిన చోట రెండోసారి ఎవరూ నోరు విప్పరు.

తరువాతి పనుల జాబితా ఎలా తయారుచేయాలి?

ఎక్సర్‌సైజ్ అయిన వెంటనే, ఎవరూ గది దాటకముందే, పావుగంట ఒక్కొక్కరినీ ఏది ఇబ్బంది పెట్టిందో చెప్పమనండి. మర్నాటికి సగం మర్చిపోతారు. తరువాత వారంలోపు జాబితా రాయండి. “అవగాహన పెంచాలి”, “మానిటరింగ్ మెరుగుపరచాలి” లాంటి వాక్యాలు కొట్టేయండి. అవి ఎప్పుడు పూర్తయ్యాయో ఎవరూ చెప్పలేరు.

ల్యాబ్‌లో నాలుగే పనులు పెట్టుకున్నాం. ప్రతిదానికీ ఒక మనిషి, ఒక తేదీ, పూర్తయిందని ఎలా చూస్తామన్న రుజువు ఉన్నాయి. రిపోర్టుల బకెట్‌కు ఫైల్ చదివిన రికార్డు ఆన్ చేయాలి. దానికి ఏడబ్ల్యూఎస్ డబ్బు తీసుకుంటుంది కాబట్టి ఆ ఒక్క బకెట్‌కే. పైన చూపిన కమాండ్ మళ్లీ నడిపితే బకెట్ పేరు కనిపించడమే రుజువు. డాక్టరుగారు అందనప్పుడు సర్వీసు ఆపే అధికారం ఎవరిదో సంతకంతో ఒక పేజీ. ఆదివారం రాత్రి డ్యూటీలో ఉన్న వ్యక్తికి ఫోన్ చేస్తే ఆ పేరు చెప్పగలగడం రుజువు. కోడ్‌లో కీ ఉంటే రిపాజిటరీలోకి పోనివ్వని స్కానింగ్ పెట్టాలి. పనికిరాని కీ ఒకటి కావాలని పెట్టి చూస్తే అడ్డుకోవడం రుజువు. నాలుగోది ఫ్రంట్ డెస్క్‌లకు తెలుగు, ఉర్దూ, ఇంగ్లిష్‌లో ఐదు వాక్యాల చీటీ. తెలియని నంబరు నుంచి ఫోన్ చేసి అడిగితే అదే జవాబు రావడం రుజువు.

కీ కోడ్‌లోకి పోయినందుకు డెవలపర్‌కు మెమో ఇవ్వాలని ఒకరు అన్నారు. నేను గట్టిగా వద్దన్నాను. అది కథలో మేం పెట్టిన తప్పు. అయినా, నిజమైతే కూడా మెమోతో ఆ కీ వెనక్కి రాదు.

మళ్లీ ఎప్పుడు చేయాలి?

పనులు పూర్తయ్యాయని చెప్పాక, మూడు నాలుగు నెలల్లో, గంటసేపు చిన్నది చాలు. కథ మార్చండి, కొలిచే పనులు మార్చొద్దు. ల్యాబ్‌లో నాలుగు నెలల తరువాత చేశాం. ఈసారి బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ ఏజెన్సీ లాప్‌టాప్ పోయిందన్న కథ. అవే ఆరు పనులకు వచ్చినవి వరుసగా 3, 3, 2, 2, 1, 2. మొత్తం 13.

ఆధారాలు దాచడం 3 నుంచి 2కు పడిపోయింది, ఎందుకంటే ఆ అడ్మిన్ సెలవులో ఉన్నాడు. మొదటిసారి మంచి మార్కులు వచ్చింది సంస్థకు కాదు, అతనికి. ఇప్పుడు ఆ క్రమం అతనితోనే రాయించి, ఇంకొకరితో చేయించి చూస్తున్నారు. ఫ్రంట్ డెస్క్ 1 దగ్గరే ఉంది. చీటీ ప్రింటు వేశారు, సొరుగులో పెట్టారు, ఈలోపు ఇద్దరు కొత్తవాళ్లు చేరారు. ఆ ఐదు వాక్యాలు ఇప్పుడు బిల్లింగ్ స్క్రీన్ పక్కనే అతికించి ఉన్నాయి. వచ్చే నెల ఏదో ఒక సెంటర్‌కు నేనే ఫోన్ చేసి అడగబోతున్నాను, ఏ సెంటరో డాక్టరుగారికి కూడా చెప్పలేదు.